అసలు లెక్కలో వేసి చూడు

రూప్లి జవాబును ముందుగా చూడదు. ఎడమచేతి బొటనవేలు దాని మీద పెడుతుంది. తలెత్తి కిటికీ వైపు చూస్తుంది. కిటికీలో చూసేందుకు ఏమీ లేదు. స్కూలు ప్రహరీ, దాని మీద ఆరేసిన వంటగది గుడ్డలు. పెదవులు కొద్దిగా కదులుతాయి. ఆ తర్వాత వేలు తీస్తుంది.

ఈ అలవాటు ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఆరో తరగతిలో చేరినప్పుడు అన్న శ్రీధర్ పాత పుస్తకం ఆమెకు వచ్చింది. అతనికంటే ముందు అది ఇంకెవరిదో. ఆ ఎవరో ప్రతి లెక్క కిందా పెన్నుతో జవాబు రాసిపెట్టారు. సగం తప్పులు. ఏ సగమో తెలియదు. అందుకని రూప్లి వేలు అడ్డం పెట్టుకుని, జవాబు ఎంత ఉండొచ్చో తనే అనుకుని, అప్పుడు చూసేది. పదో తరగతికి కొత్త పుస్తకం ఇచ్చారు. అందులో ఎవరి రాతా లేదు. వేలు మాత్రం అలాగే ఉండిపోయింది.

వాళ్ల తండా కొత్తగూడెం దాటి భద్రాచలం వెళ్లే దారికి లోపలగా ఉంటుంది. తండా వెనక నుంచి అడవి మొదలవుతుంది. తండ్రి మంగీలాల్‌కు కొంత పోడు భూమి ఉంది. అందులో ఒక ఏడు పత్తి, ఒక ఏడు ఏమీ లేదు. మిరప ఏరే కాలంలో తల్లి, తండ్రి ఇద్దరూ ట్రాక్టరెక్కి కింది ఊళ్లకు కూలికి పోతారు. శ్రీధర్ ఇంటర్ మధ్యలో ఆపి హైదరాబాదులో లిఫ్టులు బిగించే వాళ్ల దగ్గర పనికి కుదిరాడు. పండక్కి వచ్చినప్పుడు ఒక్క మాట చెప్పాడు. "డిప్లొమా ఉన్నోడు కింద నిలబడి చెప్తడు. లేనోడు పైన వేలాడుతడు."

రూప్లి ఆ మాటను గుర్తు పెట్టుకుంది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదవాలనుకుంది. అంతకంటే ఎక్కువగా ఏమీ అనుకోలేదు.

ఆ ఏడాది ఒక సంస్థ వాళ్లు స్కూలుకు వచ్చారు. పదో తరగతి పరీక్షలు అయిపోగానే ఖమ్మంలో పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకు శిక్షణ ఇస్తామన్నారు. ఉండటం, తినటం, పుస్తకాలు అన్నీ వాళ్లవే. ఒక్కో స్కూలు నుంచి ఒక్కరినే తీసుకుంటారు. లెక్కల మేడం నిర్మలాదేవి నాలుగు శనివారాలు నాలుగు పరీక్షలు పెడతానని, మొత్తం మార్కుల్లో పైన ఉన్నవాళ్ల పేరు పంపుతానని క్లాసులో చెప్పింది.

మొదటి పరీక్ష అయ్యేసరికే పోటీ ఇద్దరి మధ్య అని తేలింది. ఒకరు రూప్లి. రెండోది సువర్ణ.

సువర్ణది చర్ల అవతల అడవిలో ఊరు. తండ్రి సమ్మయ్య. ఆమె మండల కేంద్రంలోని హాస్టల్లో ఉండి చదువుతోంది. సెలవులకు ఇంటికి పోతే మళ్లీ తెరిచేదాకా ఆమె సంగతి ఎవరికీ తెలియదు. అక్కడ ఫోను పలకదు. పరీక్షలయ్యాక హాస్టల్ మూసేస్తారు. ఖమ్మం సీటు రాకపోతే ఆమె ఆ ఊరికే పోవాలి. ఇది రూప్లికి తెలుసు. తండాలో మంగీలాల్ అప్పుడే ఖమ్మం ప్రయాణానికని ఇనుప పెట్టె ధర అడిగి వచ్చాడని సువర్ణకూ తెలుసు. ఇద్దరూ ఈ విషయం మాట్లాడుకోలేదు. ఒకే బెంచీలో కూర్చునేవాళ్లు.

నిర్మలాదేవికి రెండు సెక్షన్ల లెక్కలు, దాని పైన ఇన్‌చార్జి హెడ్మాస్టర్ పని. పేపర్లు దిద్దే తీరిక లేదు. అందుకని ఒక పద్ధతి పెట్టింది. ప్రశ్నలు బోర్డు మీద రాస్తుంది. పిల్లలు వాటిని పేపరు మొదటి పేజీలో ఎక్కించుకుని, లోపలి పేజీల్లో జవాబులు రాస్తారు. సోమవారం నాడు ఆమె తన ఫోన్లో ఒక యాప్ తెరిచి ప్రశ్నలను ఫోటో తీస్తుంది. యాప్ లెక్కను చదివి, మెట్లు మెట్లుగా చేసి, జవాబు చూపిస్తుంది. ఆ జవాబులు బోర్డెక్కుతాయి. పిల్లలు పేపర్లు మార్చుకుని ఒకరివి ఒకరు దిద్దుతారు.

అప్పటికి బోర్డు మీద ప్రశ్నలు చెరిగిపోయి ఉంటాయి కాబట్టి ఫోటోకు ఎవరో ఒకరి పేపరు కావాలి. ప్రతిసారీ రూప్లిదే తీసుకునేది. ఆమె రాత అచ్చులా ఉంటుంది.

నాలుగో పరీక్ష నాడు తెల్ల కాగితాలు తక్కువ పడ్డాయి. మనిషికి ఒక్కటే ఇచ్చారు. మార్జిన్ గీయకపోతే మేడం ఒక మార్కు తీసేస్తుంది, అది అందరికీ తెలుసు. మార్జిన్ కొట్టి దాని కుడిపక్కనే రాస్తే ఒక్క కాగితం చాలదు, అదీ అందరికీ తెలుసు. రూప్లి ప్రశ్నలను కాగితం అంచు నుంచే ఎక్కించింది. అన్నీ రాశాక స్కేలు పెట్టి, రాత మీద నుంచే పై నుంచి కిందికి మార్జిన్ గీసింది. గీత సన్నగా, నిటారుగా వచ్చింది. ఆ తర్వాత జవాబులు మొదలుపెట్టింది. ఈ ఉపాయం ఆమె ఒక్కతిదే కాదు. ఆ స్కూల్లో సగం మంది అలాగే చేస్తారు.

సోమవారం జవాబులు బోర్డు మీదికి వచ్చాయి. ఆరో ప్రశ్నకు ఫోను ఇచ్చిన జవాబు −3, −1/2. రూప్లి రాసిందీ అదే. సువర్ణ 3, 1/2 అని రాసింది. సువర్ణ పేపరు దిద్దుతున్నది బలరాం. క్లాసులో వాగుడుకాయ.

"ఏమే, మైనస్‌లు యాడ పారేసుకున్నవ్? హాస్టల్లనా?" అన్నాడు.

"నా జవాబు సరిగనే ఉంది," అంది సువర్ణ.

"ఫోను తప్పు చెప్తదా?"

"ఫోను నీ చుట్టమా?"

ఇంకో ఇద్దరు కూడా 3, 1/2 రాశారు. వాళ్లు లేచి మేడం వైపు చూశారు. మేడం ఎంఈవో ఆఫీసు నుంచి వచ్చిన ఫోన్లో మాట్లాడుతోంది. చేత్తో కూర్చోమని సైగ చేసింది. మిగిలినవాళ్లు ఆ లెక్క చేయనే లేదు. ఇద్దరూ కూర్చున్నారు. సువర్ణ కూడా కూర్చుంది. బలరాం నాలుగు మార్కుల ప్రశ్నకు అడ్డంగా గీత కొట్టాడు.

బుధవారం మొత్తం మార్కులు చెప్పారు. రూప్లికి మూడు మార్కులు ఎక్కువ. ఆమె పేరు ఖమ్మం పంపుతామని, శనివారం సాయంత్రం ఆఖరు గడువని నిర్మలాదేవి చెప్పింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. సువర్ణ కూడా కొట్టింది.

ఆ సాయంత్రం మంగీలాల్ తండాలో నాలుగిళ్లకు ఈ మాట చెప్పి వచ్చాడు. రూప్లికి సంతోషం కలగాలి. ఆమె దానికోసం కాసేపు ఎదురుచూసింది. అది రాలేదు. చాలాసేపు కాలు మడిచి కూర్చుంటే, ఆ కాలు తనది కాదన్నట్టు ఉంటుంది. అలా ఉంది.

*

గురువారం నిర్మలాదేవి ఆమెను స్టాఫ్ రూముకు పిలిచింది.

"సోమవారం నుంచి ట్యాబ్ మీ క్లాసులనే పెడ్త. పరీక్షలకు మీరు చేసిన లెక్కలు ఫోటో తీసి చూసుకోవచ్చు. కానీ మనోళ్ల సంగతి తెలుసు గదా. ఫోను ఏం చెప్తే అది రాస్తరు. బలరాం బావి చూసినవా?"

బలరాం బావి స్కూలంతటికీ తెలుసు. మూడున్నర మీటర్ల వ్యాసార్థం, ఇరవై మీటర్ల లోతు ఉన్న బావి నుంచి తీసిన మట్టి ఎంత అని ఇంటిలెక్క ఇచ్చారు. బలరాం 3.5 రాసినప్పుడు చుక్క సరిగా పడలేదు. వాళ్లన్న ఫోను దాన్ని 35 అని చదివింది. బలరాం డెబ్బై ఏడు వేల ఘనపు మీటర్లని రాసుకొచ్చాడు. అతని దగ్గర చూసి ఇంకో పదిమంది రాశారు.

"చూసిన మేడం."

"శనివారం ఒక పది నిమిషాలు నువ్వు మాట్లాడు. నమ్మే ముందు ఎట్ల చూసుకోవాల్నో చెప్పు. నేను చెప్తే వినరు. సీటొచ్చిన పిల్లవు, నువ్వు చెప్తే వింటరు."

రూప్లి తలూపింది.

ఆమె రెండు ఉదాహరణలు అనుకుంది. అంచనాకు బలరాం బావి. తిరిగి వేసి చూడటానికి ఒక సమీకరణం కావాలి. జవాబు తప్పైతే లెక్కలో వేసినప్పుడు అది ఎలా బయటపడుతుందో చూపించాలి. అందుకు ఒక తప్పు జవాబు కావాలి. శుక్రవారం మధ్యాహ్నం తిండి దగ్గర ఆమె సువర్ణను అడిగింది.

"నీ పరీక్ష పేపరు ఇస్తవా? ఆరో ప్రశ్న."

సువర్ణ కంచంలో అన్నం కలుపుతూనే ఉంది. "ఎందుకు?"

"రేపు చెప్పాలె గదా. తప్పు జవాబు వేస్తే సున్నా రాదని చూపియ్యాలె."

"నా తప్పే కావాల్నా నీకు? క్లాసుల ఇంకెవరూ తప్పు చేయలేదా?"

"నీది రాత మంచిగుంది."

"రాత మంచిగుంది," అంది సువర్ణ. "తీస్కపో. ఉంచుకో. నేనేం చేసుకుంట?"

సంచిలోంచి తీసి, మడత కూడా విప్పకుండా ఇచ్చింది.

ఆ సాయంత్రం ఇంటి ముందు వెలుతురు ఉండగానే రూప్లి ఆ పేపరు తెరిచింది. రేపు ఎలా చెప్పాలో ఒకసారి చేసి చూసుకుందామనుకుంది. సువర్ణ జవాబు 3. దాన్ని సువర్ణ ఎక్కించుకున్న ప్రశ్నలోనే వేసింది. మూడు స్క్వేర్ తొమ్మిది, రెండు తొమ్మిదులు పద్దెనిమిది. ఏడు మూళ్లు ఇరవై ఒకటి, తీసేయాలి. మూడు కలపాలి.

సున్నా వచ్చింది.

ఆమె మళ్లీ చేసింది. మళ్లీ సున్నా వచ్చింది. అర వేసింది. అర స్క్వేర్ పావు, రెండు పావులు అర. ఏడు అరలు మూడున్నర, తీసేయాలి. మూడు కలిపితే సున్నా.

అప్పుడు ప్రశ్నను చూసింది. సువర్ణ పేపర్లో 2x² − 7x + 3 = 0 అని ఉంది.

ఆమె లోపలికి పోయి తన పేపరు తెచ్చింది. తన దాంట్లో 2x² + 7x + 3 = 0. రెండింటినీ నేల మీద పక్కపక్కన పెట్టింది. తను పరీక్షలో ఊరికే రాసి వదిలేయలేదు. జవాబు తిరిగి వేసి చూసుకుంది. సున్నా వచ్చిందని ఆమెకు గుర్తు. రావటమూ నిజమే. ఏ లెక్క చేసిందో ఆ లెక్కలోనే వేసింది మరి.

ఎవరి ప్రశ్న నిజం? బోర్డు చెరిగిపోయింది. పక్క వీధిలో బలరాం ఇల్లు. వెళ్లి అతని పేపరు అడిగింది. బలరాం ఆరో ప్రశ్న ఎక్కించుకున్నాడు, చేయలేదు.

"నా పేపరెందుకు? సున్నాలు లెక్కపెడ్తవా?" అన్నాడు.

అతని పేపర్లోనూ మైనస్సే ఉంది.

ఇంటికి వచ్చి తన పేపరును కళ్ల దగ్గర పెట్టుకుంది. ఆమె ప్లస్ రాస్తే నిలువు గీత పొట్టిగా ఉంటుంది. మూడుకు ముందున్న ప్లస్ అలాగే ఉంది. ఏడుకు ముందున్న దానికి నిలువు గీత పొట్టిగా లేదు. అది పైకి పోయింది. కిందికీ పోయింది. పై ప్రశ్నల మీదుగా, కింది ప్రశ్నల మీదుగా, కాగితం ఆ అంచు నుంచి ఈ అంచు దాకా పోయింది. అది ఆమె స్కేలు పెట్టి గీసిన మార్జిన్. సరిగ్గా మైనస్ మధ్య నుంచి దిగింది.

ఫోను ఏం చూసిందో ఆమెకు అర్థమైంది. మేడం ఒక్కో ప్రశ్న చుట్టూ తెర మీద ఒక డబ్బా సరిచేసి ఫోటో తీస్తుంది. ఆ డబ్బాలో మార్జిన్ అంతా పట్టదు. ముక్క మాత్రమే పడుతుంది. అడ్డగీత మీద నిలువు ముక్క. ఫోను దాన్ని ప్లస్ అని చదివింది. ఆ లెక్కను తప్పులేకుండా చేసింది. పరీక్షలో పేజీ వెనక్కి తిప్పి ప్రశ్నను మళ్లీ చూసినప్పుడు తను చేసిందీ అదే.

తల్లి పొయ్యి దగ్గర నుంచి ఏం చేస్తున్నావని లంబాడీలో అడిగింది. లెక్క, యాడీ, అని అమ్మకు చెప్పింది.

ఇక ఏమేం చేయొచ్చో ఆమెకు తెలుస్తూనే ఉంది. బావి ఒక్కటే చెప్పి ఊరుకోవచ్చు. పది నిమిషాలకు బావి చాలు. లేదా పుస్తకంలోంచి వేరే సమీకరణం తీసుకోవచ్చు. ఎవరూ అడగరు. పేపర్లు దిద్దటం అయిపోయింది. శనివారం సాయంత్రం పేరు పోతుంది. లేదా ఆరో ప్రశ్నే చెప్పొచ్చు. అప్పుడు తన నాలుగు మార్కులు పోతాయి, సువర్ణకు నాలుగు వస్తాయి.

ఈ రెంటి మధ్య ఏదో ఒకటి లాగుతుందని, భయమో ఏడుపో వస్తుందని ఆమె అనుకుంది. ఏదీ రాలేదు. రెండు పేపర్లనూ ఒకదాని మీద ఒకటి పెట్టి సంచిలో పెట్టుకుంది. అన్నం తిన్నది. మంగీలాల్ పెట్టెకు రంగు ఏది కావాలని అడిగాడు. ఏదైనా సరే, అంది.

*

శనివారం మూడో పీరియడ్. నిర్మలాదేవి వెనక బెంచీలో కూర్చుంది. రూప్లి బోర్డు దగ్గర నిలబడింది. చేతిలో కాగితం లేదు.

"మేడం మాట్లాడమన్నరు," అని మొదలుపెట్టింది. "సోమవారం నుంచి ట్యాబ్ వస్తది. ఫోటో తీస్తే లెక్క చేస్తది. మనకన్న జల్దీ చేస్తది. కూడికలు, తీసివేతలు తప్పు పోదు. కానీ అది ముందు చదవాలె. మన రాత చదవాలె. చదివేకాడ తప్పు పోతది. తప్పు చదివిందనుకో, ఆ తప్పు లెక్కనే సరిగ్గ చేసి ఇస్తది. చూడనీకె మంచిగుంటది.

"అందుకని మొదలు జవాబు చూడకున్రి. ఫోటో తీసినంక అది ఏం చదివిందో పైన చూపిస్తది. ఆ లైను చూడున్రి. మన పుస్తకంలున్న లెక్కతోని పక్కపక్కన పెట్టి, ఒక్కొక్క గుర్తు చూడున్రి. చుక్క ఉందా, మైనస్ ఉందా, పైన రాసిన రెండు పైననే ఉందా, కిందికి దిగిందా.

"తర్వాత అంచనా. జవాబు చూడకముందే ఎంత రావాల్నో మనసుల అనుకోవాలె. బలరాం బావి తీసుకుందాం."

క్లాసు నవ్వింది. బలరాం లేచి అందరికీ దండం పెట్టాడు.

"మూడున్నర మీటర్ల వ్యాసార్థం. మూడున్నర మూడున్నరలు పన్నెండు దాకా. పై అంటే మూడు చిల్లర, మూడే అనుకున్రి. మూడు పన్నెండ్లు ముప్పై ఆరు. ఇరవై లోతు. ఏడు వందల ఇరవై. ఇది సరైన జవాబు కాదు, కానీ సరైన జవాబు దీని పక్కన్నే ఉండాలె. పుస్తకంల ఏడు వందల డెబ్బై. పక్కన్నే ఉంది. ఫోను డెబ్బై ఏడు వేలు అన్నది. వంద రెట్లు. అప్పుడే ఆగిపోవాలె. చుక్క పోతే మూడున్నర ముప్పై ఐదు అయితది. పది రెట్లు. దాన్ని స్క్వేర్ చేస్తం గనుక వంద రెట్లు అయింది."

"కిన్నెరసాని మొత్తం పోసినా నా బావి నిండదు," అన్నాడు బలరాం.

"కూర్చో," అంది నిర్మలాదేవి.

రూప్లి బోర్డు వైపు తిరిగింది. సుద్దముక్క తీసుకుంది. ఇక్కడితో ఆపినా ఎవరూ ఏమీ అనరు. ఆమె రాసింది.

2x² − 7x + 3 = 0

"ఇది మొన్న శనివారం ఆరో ప్రశ్న. ఫోను ఇచ్చిన జవాబు మైనస్ మూడు, మైనస్ అర. మొదలు అంచనా. ఎక్స్ మైనస్ అయితే ఏమైతది? మొదటి ముక్కల స్క్వేర్ ఉంది, అది ప్లస్ అయితది. రెండో ముక్క మైనస్ ఏడు ఎక్స్. మైనస్‌ను మైనస్‌తోని గుణిస్తే అదీ ప్లస్. మూడోది ఎట్లాగూ ప్లస్సే. మూడు ప్లస్‌లు కలిపితే సున్నా వస్తదా?"

ముందు బెంచీలో ఎవరో రాదన్నారు.

"రాదు. లెక్క చేయకుండనే తెలుస్తది, ఈ జవాబు కాదని. ఇప్పుడు వేసి చూద్దాం. మైనస్ మూడు వేస్తే పద్దెనిమిది, ఇరవై ఒకటి, మూడు. నలభై రెండు. మైనస్ అర వేస్తే అర, మూడున్నర, మూడు. ఏడు. సున్నా రాలే. ఇప్పుడు మూడు వేయున్రి."

ఆమె వేసింది. 18 − 21 + 3. పక్కన సున్నా రాసింది. అర వేసి, దాని పక్కనా సున్నా రాసింది.

"రెండూ సరిపోయినయి. రెండో ఘాతం లెక్కకు రెండుకన్న ఎక్కువ జవాబులుండవు. అంటే అయిపోయింది. ఒక్క జవాబే దొరికి, దానికి సున్నా వస్తే, అది సరైందని తెలుస్తది గానీ రెండోది మిగిలిందా అనేది తెలువదు. అది వేరే చూసుకోవాలె."

బలరాం ఈసారి లేవలేదు. సువర్ణ బోర్డు వైపు కాక రూప్లి వైపు చూస్తోంది.

"ఒక్క మాట," అంది రూప్లి. "వేసి చూస్తే సరిపోదు. దేంట్ల వేస్తున్నమో చూడాలె. ఫోను చదివిన లెక్కల ఫోను జవాబు వేస్తే సున్నానే వస్తది. ఎప్పుడు వేసినా వస్తది. నేను కూడా నా పేపర్ల వేసి చూసుకున్న. సున్నా వచ్చింది. నా పేపర్ల మైనస్ మీదికెళ్లి మార్జిన్ కొట్టిన. అది ప్లస్ అయింది. నేను ప్లస్ అని చేసిన. ఫోను నా పేపరు చూసే చదివింది, అది కూడా ప్లస్ అనే చేసింది. ఇద్దరిదీ ఒకటే జవాబు వచ్చింది కాబట్టి సరైందనుకున్నం. అసలు లెక్కల వేయాలె. పుస్తకంల ఉన్నదాంట్ల, బోర్డు మీద ఉన్నదాంట్ల. అంతే."

సుద్దముక్క పెట్టేసి తన బెంచీకి వచ్చి కూర్చుంది. చప్పట్లు కొట్టాలో లేదో పిల్లలకు తెలియలేదు. ఒకరిద్దరు కొట్టి ఆపేశారు.

నిర్మలాదేవి ముందుకు వచ్చింది. బోర్డు మీది లెక్కను మళ్లీ చదివింది.

"నేను రాసింది మైనస్సే," అంది. "నా ప్రశ్నే. చూడలే నేను." తర్వాత, "ఆరో ప్రశ్న 3, 1/2 రాసినోళ్లు పేపర్లు తేండి," అంది.

ముగ్గురు లేచారు. సువర్ణ పేపరు రూప్లి సంచిలో ఉంది. రూప్లి తీసి ఇచ్చింది. తనది కూడా ఇచ్చింది. మేడం సువర్ణ పేపర్లో బలరాం కొట్టిన గీతను కొట్టేసి నాలుగు వేసింది. రూప్లి పేపరు పట్టుకుని ఆగింది.

"ముందు నాకు చెప్పొచ్చు గదమ్మా," అంది మెల్లగా.

"మాట్లాడమన్నరు గదా మేడం."

నిర్మలాదేవి నాలుగు మార్కులు తీసేసింది.

మధ్యాహ్నం చెట్టు కింద కంచాలు కడిగే దగ్గరికి బలరాం వచ్చాడు.

"ఏమే రూప్లీ. జేబులున్న సీటును చూపిచ్చి మరీ పారేసుకునేటోళ్లను నేను చూడలే."

"చూసినవ్ గదా ఇప్పుడు."

"నాకు చెప్తే నేను బావి గురించే ఇంకో పది నిమిషాలు మాట్లాడేటోన్ని."

ఆమె నవ్వలేదు. అతను వెళ్లిపోయాడు. సువర్ణ కుళాయి దగ్గర కంచం కడుగుతోంది. కంచం ఎప్పుడో శుభ్రమైంది. ఇంకా కడుగుతూనే ఉంది.

"నాకు దానం చేసినవా?" అంది, తలెత్తకుండా.

"సున్నా వచ్చింది. నేనేం చేయాలె?"

"సోమవారం నేను సరిగనే ఉంది అన్న. ఎవరూ వినలే. నువ్వు కూడా."

"అవ్."

"నేనన్నా వేసి చూపియ్యాల్సింది. కోపమొచ్చి కూర్చున్న." సువర్ణ కుళాయి కట్టేసింది. "నేను పోత మరి. వద్దని అనను. మా అయ్యకు ఎట్ల తెలుస్తదో ఏమో, బస్సు డ్రైవరుతోని చెప్పి పంపాలె."

"పో," అంది రూప్లి.

"నీకేమన్న అనిపిస్తుందా?"

అబద్ధం చెప్పటానికి కూడా ఏదో ఒకటి అనిపించాలి. "ఏం తెలుస్తలేదు," అంది రూప్లి.

సాయంత్రం నాలుగింటికి సువర్ణ పేరు ఖమ్మం పోయింది. రూప్లి ఇంటికి వచ్చేసరికి మంగీలాల్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. జరిగింది చెప్పింది. రెండు పేపర్ల సంగతి, గీత సంగతి. అతనికి గీత సంగతి అర్థం కాలేదు. సీటు సంగతి అర్థమైంది.

"ఇక రాదా?"

"రాదు."

"నీ జవాబు తప్పా?"

"తప్పే."

అతను లేచి, పెట్టె వద్దని చెప్పి వస్తానని బయటికి పోయాడు. కొట్టు మూసే వేళ కాలేదు ఇంకా.

మర్నాడు ఆదివారం. తెల్లవారుజామున కూలీలను తీసుకుపోయే మేస్త్రీ జంపయ్య ట్రాక్టరు తండా చివర ఆగి హారన్ కొట్టింది. తల్లి తలకు గుడ్డ చుట్టుకుని బయలుదేరింది. రూప్లి కూడా చెప్పులు వేసుకుంది.

"నీకు పరీక్షలు కదా," అంది తల్లి.

"ఇయ్యాల వస్త, యాడీ."

తల్లి ఆమె ముఖం చూసి, ఇంకో పాత గుడ్డ తెచ్చి ఇచ్చింది. చెయ్యి పట్టి ట్రాక్టరు మీదికి లాగింది. ట్రాక్టరు అడవి అంచు దిగి మిరప చేల మధ్యకు వచ్చేసరికి వెలుతురు వచ్చింది. జంపయ్య ఒక్కొక్కరికి ఒక్కో సాలు చూపించాడు. రూప్లికి గట్టు పక్క సాలు వచ్చింది. ఆమె ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని, వంగి, మొదటి చెట్టు దగ్గర మొదలుపెట్టింది. ఎర్రబడినవి కోసింది. పచ్చివి ఉంచింది. ఆ చెట్టు అయిపోయాక పక్క చెట్టుకు జరిగింది.